నడుం నొప్పికి ఎంఆర్‌ఐ ఎప్పుడు తీయించాలి? మా మండలం హెల్త్ క్యాంపులో డాక్టరు గారు చెప్పినవి

కాలువగట్టు · ఆదివారం, రాత్రి 8:40

ఇవాళ మా మండల కేంద్రం హైస్కూల్లో హెల్త్ క్యాంపు పెట్టారు. బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చి పంపేసే క్యాంపులు మాకు కొత్త కాదు. ఈసారి వచ్చిన జనరల్ మెడిసిన్ డాక్టరు గారు మాత్రం భోజనాలయ్యాక అందర్నీ కూర్చోబెట్టి ఒక్క విషయమే మాట్లాడారు. నడుం నొప్పి, తలనొప్పి, దగ్గు, ఈ మూడింటికీ స్కానింగు నిజంగా ఎప్పుడు కావాలి అని. మా వైపు అప్పుచేసి మరీ స్కానింగులు తీయించుకుంటున్నారు కాబట్టి విన్నది విన్నట్టు ఇక్కడ పెడుతున్నాను. డాక్టర్లు, ఫిజియోలు ఎవరైనా ఉంటే తప్పొప్పులు చెప్పండి.

ఎక్కువసేపు నడుం గురించే చెప్పారు. "అసలు నొప్పే లేనివాళ్లకి నడుం ఎంఆర్‌ఐ తీస్తే ఏం కనబడుతుంది?" అని మొదలుపెట్టారు. 1994లో అమెరికాలో 98 మందికి అలాగే తీశారట. వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు అన్నీ బాగున్నవాళ్లు వాళ్లలో 36 శాతమే. సగం మందికి పైగా ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బి ఉంది. ఒక్కరికీ నడుం నొప్పి లేదు! వయసు పెరిగేకొద్దీ తల నెరిసినట్టే డిస్కులో నీరు తగ్గి ఉబ్బుతుంది, అది రిపోర్టులోకి ఎక్కుతుంది, అంతమాత్రాన నొప్పి దానివల్లే అనడానికి లేదు అన్నారు.

మా బావని ఫైలుతో సహా తీసుకెళ్లాను. బావకి 44 ఏళ్లు, టైల్స్ పని. సిమెంటు బస్తా ఎత్తుతుంటే నడుం పట్టేసింది. మూడో రోజుకే ఆర్‌ఎంపీ గారు ఎంఆర్‌ఐకి పంపారు, ఏడు వేలు అయింది. "ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు కుడివైపు జారింది, నరానికి తగులుతోంది" అని వచ్చింది. దాన్ని చూపించిన చోట ఆపరేషన్ మాట ఎత్తారు. అప్పట్నుంచి బావ మంచం దిగితే ఒట్టు.

డాక్టరు గారు ఫైలు పక్కనపెట్టి ముందు మనిషిని చూశారు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా ఒక్కో కాలూ పైకి ఎత్తారు. కాలి బొటనవేలు పైకి లేపి పట్టమని దాన్ని కిందికి నొక్కి చూశారు. మడమల మీద, తర్వాత మునివేళ్ల మీద నడిపించారు. మోకాలి దగ్గరా మడమ వెనకా సుత్తితో కొట్టి చూశారు. తొడల మధ్య మొద్దుబారిందా, ఒంటికి సరిగా వస్తోందా అని అడిగారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత ఫైలు తెరిచి, "నొప్పి ఏ కాల్లోనయ్యా?" అన్నారు. ఎడమ కాల్లో. రిపోర్టులో డిస్కు జారింది కుడివైపు!

నొప్పి కూడా పిరుదు నుంచి తొడ వెనక దాకే ఉంది, మోకాలు దాటి కిందికి దిగట్లేదు. "ఈ రిపోర్టుకీ ఈ నొప్పికీ సంబంధం కనబడట్లేదు. ఆపరేషన్ మాట వదిలెయ్యి, రేపట్నుంచి నడువు" అన్నారు. మామూలు నడుం నొప్పికి ఎవరైనా స్కానింగు లేకుండా ముందు ఆరు వారాలు చూడాలన్నారు.

మిగతావి అడిగితే రాస్తాను.

మెతుకుసీమ · ఆదివారం, రాత్రి 9:15

అన్నా, మంచిగ రాసినవ్. కాని నాకొక్కటి అర్థం కాలే. డిస్కు కుడి దిక్కు, నొప్పి ఎడమ దిక్కు అంటున్నరు. మరి ఆ ఎడమ కాలి నొప్పి ఎక్కడికెళ్లి వస్తున్నట్టు? నరం నొక్కకుండ కాలు ఎందుకు గుంజుతది?

ఇంకొకటి. ఎంఆర్‌ఐ మాటిమాటికి తీస్తే రేడియేషన్ ఎక్కువైతదని మా కాడ అందరు అంటరు. అది గూడ చెప్పిండా డాక్టర్ సాబ్?

పాత ఫిల్మ్ · ఆదివారం, రాత్రి 9:40

నేను ప్రభుత్వాసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేసి రిటైర్ అయ్యాను. రేడియేషన్ సంగతి నేను చెబుతాను. ఎంఆర్‌ఐలో అది ఉండదు, అయస్కాంతంతో పనిచేసే మిషను అది. ఒంట్లో పేస్‌మేకరో, కొన్ని రకాల క్లిప్పులో ఉంటే ముందే చెప్పాలి, అంతే. రేడియేషన్ ఉండేది ఎక్స్‌రేలో, సీటీలో. నడుం ఎక్స్‌రే ఒక్కటి దాదాపు పదిహేను ఛాతీ ఎక్స్‌రేలతో సమానం. కడుపు భాగం మందంగా ఉంటుంది కాబట్టి డోసు ఎక్కువ పెట్టాలి. ఛాతీ సీటీ అయితే ఛాతీ ఎక్స్‌రేకి కొన్ని పదుల రెట్లు.

కాలువగట్టు గారూ, మీ డాక్టరు గారి మాటలో ఒక్కటి నాకు మింగుడుపడటం లేదు. ఎంఆర్‌ఐ వద్దంటే వద్దు. కానీ నడుం నొప్పి అని వచ్చిన ప్రతివారికీ ముందు ఒక ఎక్స్‌రే తీస్తే పోలా? రెండు మూడు వందలతో అయిపోతుంది. ఎక్స్‌రే బాగుంటే ఇక భయం లేదని ఇంటికి పంపొచ్చు. మా రోజుల్లో అదే పద్ధతి.

పద్మజ ఫిజియో · ఆదివారం, రాత్రి 10:30

నేను జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని. రోజూ చూసే కేసులివే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు మెతుకుసీమ గారి ప్రశ్న. కాల్లోకి దిగే నొప్పి రెండు రకాలు. నరం నొక్కుకుంటే వచ్చేది సన్నగా ఒక గీతలా దిగుతుంది, మోకాలు దాటి పిక్కలోకి, పాదంలోకి వెళ్తుంది. షాక్ కొట్టినట్టు ఉంటుంది, తిమ్మిరి ఉంటుంది, దగ్గినా తుమ్మినా జివ్వుమంటుంది. వెన్నుపూసల వెనక ఉండే చిన్న కీళ్లు, నడుం కండరాలు, తుంటి దగ్గరి కీలు పట్టేసినా పిరుదులోకి, తొడలోకి నొప్పి పాకుతుంది. అది వెడల్పుగా, మందంగా ఉంటుంది, మామూలుగా మోకాలి దగ్గరే ఆగిపోతుంది. కాలువగట్టు గారి బావగారిది ఈ రెండో రకంలా ఉంది.

కాలు పైకెత్తి చూసేది దీన్ని తేల్చడానికే. మోకాలు నిటారుగా ఉంచి ముప్పై నుంచి డెబ్బై డిగ్రీల మధ్య ఎత్తితే నడుము కింది భాగపు నరాలు సాగుతాయి. నరం నొక్కుకుని ఉంటే నొప్పి మోకాలు దాటి కిందికి పరిగెడుతుంది. ఊరికే నడుమో తొడ వెనకో లాగితే దాన్ని లెక్కలోకి తీసుకోం. బొటనవేలు పైకి లేవకపోతే ఒక నరం మీద అనుమానం, మునివేళ్ల మీద నిలబడలేకపోతే దాని కింది నరం మీద. ఈ పరీక్షంతా పది నిమిషాల పని. ఇది చేశాక ఎంఆర్‌ఐ తీస్తే రిపోర్టులో ఏ వైపు, ఏ డిస్కు కోసం వెతకాలో ముందే తెలిసి ఉంటుంది. ముందు ఎంఆర్‌ఐ తీసేసి తర్వాత దాన్నిబట్టి మనిషిలో జబ్బు వెతికితే బావగారికి జరిగినట్టే అవుతుంది.

పాత ఫిల్మ్ గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఎక్స్‌రేలో డిస్కు కనబడదు, నరం కనబడదు, ఎముక కనబడుతుంది. విరిగిందేమో అన్న అనుమానం ఉంటే అదే మొదట తీయాలి, అందులో మీ మాట నిజం. కానీ ఎక్స్‌రే బాగుంది కాబట్టి భయం లేదు అనడం ప్రమాదం. టీబీ గానీ క్యాన్సర్ గానీ వెన్నెముకలోకి వస్తే, ఎముకలో మూడో వంతు పైగా దెబ్బతినేదాకా ఎక్స్‌రేలో తేడా కనబడకపోవచ్చు.

లీడ్స్ వాసి · సోమవారం, తెల్లవారుజామున 2:05

ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఇక్కడ పరిస్థితి పూర్తిగా తలకిందులు. నాకు నడుం పట్టేసినప్పుడు జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు దగ్గర ఎంఆర్‌ఐ అడిగితే రాయనన్నారు. మామూలు నడుం నొప్పికి జీపీ స్థాయిలో స్కాన్ రాయొద్దని ఇక్కడ వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ 2016లో ఇచ్చినవాటిలోనే ఉందని ఫిజియోకి పంపారు. నాకు చాలా కోపం వచ్చింది. మనవాళ్లు ఫోన్ చేసి "ఇక్కడికి రా, మర్నాడే తీయిస్తాం" అన్నారు కూడా.

తగ్గింది, అది వేరే సంగతి. ఆ ఫిజియో నా చేతిలో పెట్టిన చిన్న కార్డు మాత్రం బాగా నచ్చింది. మూత్రం రాకపోవడం గానీ తెలియకుండా పోవడం గానీ, మలం ఆపుకోలేకపోవడం, జీను మీద కూర్చుంటే తగిలే చోటంతా మొద్దుబారడం, రెండు కాళ్లలోనూ బలం తగ్గడం, వీటిలో ఏదొచ్చినా జీపీ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లమని అందులో ఉంది. స్కాన్ వద్దని చెప్పేవాళ్లు ఇది కూడా రాసివ్వాలి. మీ క్యాంపులో అలాంటిది ఇచ్చారా?

కాలువగట్టు · సోమవారం, ఉదయం 6:50

కాగితం ఇవ్వలేదండీ, నోటితోనే చెప్పారు. ఆగకూడనివి అని విడిగా చెప్పారు. మీరు రాసినవన్నీ అందులో ఉన్నాయి. అవి వస్తే గంటల్లో ఎంఆర్‌ఐ తీసి ఆపరేషన్ అవసరమా తేల్చాలి, ఆలస్యమైతే మూత్రం మీద పట్టు మళ్లీ రాకపోవచ్చు అన్నారు. పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా ఆగొద్దన్నారు. ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్లు, జ్వరం, బరువు తగ్గడం ఉన్నవాళ్లు, ఎత్తు నుంచి పడ్డవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడేవాళ్లు, వీళ్లెవరికీ ఆరు వారాల లెక్క వర్తించదు.

కాగితం మాట నిజమే. ఆశా వర్కర్ గారితో మాట్లాడి ఒకటి తయారు చేయించాలి.

మెతుకుసీమ · సోమవారం, ఉదయం 8:20

ఇది చెప్పకుంటే నాకు నిద్ర పట్టది. ఆరు వారాలు ఆగుమంటే మా చిన్నమ్మ యాదికొచ్చింది. ఆమెకు నడుం నొప్పైతే "పనిజేస్తవు గద, బరువులు లేపకు" అని గోలీలిచ్చి పంపిన్రు. ఆమె గూడ ఓపికతోని ఆగింది. రాత్రి పండుకుంటే ఎక్కువైతుండె. పొద్దుగూకంగ ఒళ్లు వెచ్చగుంటుండె. జాకెట్లు వదులైనయి. ఒకనాడు బాత్రూంకు పోంగ కాళ్లు మడతవడ్డయి. పెద్దాసుపత్రికి తీస్కపోతె ఎన్నుపూసకు టీబీ అన్నరు. ఏడాది పైన మందులు మింగింది. ఇప్పుడు నడుస్తది గని కట్టె కావాలె.

గందుకే అంటున్న, స్కానింగు వద్దు వద్దు అని ఊరంత చెప్పుకుంట పోతె మా చిన్నమ్మ అసొంటోళ్లకు ఏమైతది?

పద్మజ ఫిజియో · సోమవారం, మధ్యాహ్నం 1:10

మీ చిన్నమ్మగారి సంగతి చదివి బాధేసింది. ఆమెకి మొదట్లోనే ఎంఆర్‌ఐ తీసి ఉండాల్సింది. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి ఇంగ్లండు, అమెరికా లెక్కలు తెచ్చి ఉన్నవున్నట్టు ఇక్కడ వాడటం కుదరదు.

మామూలు నడుం నొప్పికి ఒక తీరు ఉంటుంది. ఒకలా కూర్చుంటే పెరుగుతుంది, ఇంకోలా పడుకుంటే తగ్గుతుంది, రోజులు గడిచేకొద్దీ కాస్తో కూస్తో తేలికవుతుంది. ఏ పక్కకి తిరిగినా తగ్గకపోయినా, రాత్రి నిద్రలేపేసినా, వారం వారం పెరుగుతున్నా అది ఆ తీరు కాదు. దానికి తోడు సాయంత్రం జ్వరం, ఆకలి లేకపోవడం, బట్టలు వదులవడం ఉంటే ఒక్కరోజు కూడా ఆగక్కర్లేదు. వెన్ను మీద ఒక్కో పూసనీ వేళ్లతో మెల్లగా తట్టి చూస్తే, ఒక్క పూస దగ్గర మాత్రం మనిషి ఉలిక్కిపడటం నేను చాలాసార్లు చూశాను. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు లాంటివి ఉన్నాయేమో చూసే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్త పరీక్షలు తక్కువ ఖర్చుతో అవుతాయి. అవి బాగా ఎక్కువొస్తే ఎంఆర్‌ఐకి గట్టి కారణం దొరికినట్టే. అవి మామూలుగా ఉన్నా లక్షణాలు గట్టిగా ఉంటే వాటిని నమ్మి ఆగిపోను.

ఆరు వారాలు అంటే మనిషిని వదిలేయడం కాదు. రెండో వారంలో మళ్లీ పిలిచి కాలి బలం చూడాలి, జ్వరం, బరువు అడగాలి. మీ చిన్నమ్మగారిని రెండోసారి ఎవరూ పిలవలేదు. నాకు కోపం తెప్పించేది అదే.

రవి డీల్స్ · సోమవారం, మధ్యాహ్నం 2:00

ఇంత చర్చ ఎందుకండీ. విజయవాడ, హైదరాబాద్‌లో ఫుల్ బాడీ స్కాన్ ప్యాకేజీలు ఉన్నాయి, ఆఫర్లో తీయించేసుకుంటే నడుము, తల, ఊపిరితిత్తులు అన్నీ ఒకేసారి తేలిపోతాయి. ఎక్కడ చౌకో తెలిసినవాళ్లు చెప్పండి, మా నాన్నగారికి పుట్టినరోజు కానుకగా చేయిద్దామనుకుంటున్నా.

పాత ఫిల్మ్ · సోమవారం, మధ్యాహ్నం 3:25

బాబూ, నేను పని చేసిన గదిలో జరిగేది చెబుతాను. ఏ ఇబ్బందీ లేని మనిషికి ఛాతీ సీటీ తీస్తే ఊపిరితిత్తిలో మినప గింజంత మచ్చ కనబడటం చాలా మామూలు. ఎప్పుడో వచ్చి మానిపోయిన ఇన్ఫెక్షన్ మచ్చలే అందులో ఎక్కువ. కానీ రిపోర్టు రాసేవారు అలా వదిలేయలేరు, "కొన్ని నెలల తర్వాత మళ్లీ తీసి చూడండి" అని రాస్తారు. మళ్లీ సీటీ, మళ్లీ రేడియేషన్. ఈలోపు ఇంట్లో అందరికీ క్యాన్సర్ భయం. నాన్నగారికి ఇబ్బందేమైనా ఉంటే అదేంటో రాయి. ఏమీ లేకపోతే ఆ డబ్బుతో బీపీ, షుగరు, కళ్లు, పళ్లు చూపించు.

స్వాతి చినుకు · సోమవారం, సాయంత్రం 6:15

నాకు తలనొప్పి గురించి కావాలి. కాలేజీ రోజుల నుంచీ ఉంది. ఒక పక్క కణత దగ్గర టకటకా కొట్టుకుంటుంది, లైటు పడితే చిరాకు, వాంతి అయితే కాస్త నయం. రెండు సార్లు సీటీ తీశారు, బాగుంది. ఈమధ్య దాదాపు రోజూ వస్తోంది. ఎంఆర్‌ఐ అయితే ఇంకా బాగా తెలుస్తుందని మా అత్తగారు అంటున్నారు. మెడికల్ షాపులో ఇచ్చే మాత్ర వేసుకుంటే ఆ పూటకి తగ్గుతుంది.

కాలువగట్టు · సోమవారం, రాత్రి 8:30

స్వాతి గారూ, మీలాంటి ఆవిడే క్యాంపులో లేచి అడిగింది. డాక్టరు గారు ముందు తల గురించి అడగలేదు, "నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నావమ్మా?" అన్నారు. రెండు మూడు మందులు కలిపి ఉండే నొప్పి మాత్రలు నెలకి పది రోజులు, లేదా ఉత్త పారాసిటమాల్ పదిహేను రోజులు, ఇలా మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెప్పిస్తాయట. అది ఏ స్కానింగులోనూ కనబడదు. క్యాలెండర్లో నొప్పి వచ్చిన రోజు, మాత్ర వేసుకున్న రోజు గుర్తుపెట్టి రెండు నెలలది డాక్టరుకి చూపిస్తే అంతకుమించిన పరీక్ష లేదన్నారు. మైగ్రేన్ రాకుండా ముందే వాడే మందులు వేరే ఉన్నాయి, అవి డాక్టరే రాయాలి.

ఏళ్ల తరబడి ఒకే తీరుగా వచ్చే తలనొప్పికి, పరీక్షలో అంతా బాగుంటే స్కానింగు అక్కర్లేదన్నారు. తీరు మారితే మాత్రం మళ్లీ చూపించుకోవాలి. రోజూ వస్తోందంటున్నారు కాబట్టి మీరు ఒకసారి చూపించుకుంటేనే మంచిది. కంటి వెనక నరం ఉబ్బిందేమో లైటుతో చూస్తారు, తలలో ఒత్తిడి పెరిగితే చాలాసార్లు అక్కడ తెలుస్తుందట.

అర్జెంటుగా వెళ్లాల్సినవి కూడా చెప్పారు. నిమిషంలోపే తారస్థాయికి చేరే నొప్పి, "జన్మలో ఇలాంటిది రాలేదు" అనిపించేది. అప్పుడు టైము చూసి గుర్తుపెట్టుకోమన్నారు. ఆరు గంటల్లోపు మంచి మిషను మీద తీసిన సీటీ మెదడు చుట్టూ రక్తస్రావాన్ని దాదాపుగా తప్పిపోనివ్వదు. ఆలస్యమయ్యేకొద్దీ బాగుందన్న సీటీని నమ్మలేం, వెన్నులో నీరు తీయడం లాంటివి అవసరం పడొచ్చు. మాట తడబడటం, చెయ్యి కాలు పడిపోవడం, ఫిట్స్, జ్వరంతో మెడ బిగుసుకోవడం, యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి కూడా ఆగకూడనివే.

స్వాతి చినుకు · సోమవారం, రాత్రి 9:05

నెలలో ఇరవై రోజుల దాకా వేసుకుంటున్నానండీ. మాత్ర పేరు చూస్తే అందులో మూడు మందులున్నాయి. ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు ఇప్పటిదాకా.

మా చెల్లికి కాన్పయి పది రోజులైంది, తనకీ తలనొప్పి అంటోంది. అది కూడా ఇలాంటిదేనా?

పద్మజ ఫిజియో · సోమవారం, రాత్రి 9:12

స్వాతి గారూ, చెల్లిని ఈ రాత్రికే ఆసుపత్రికి తీసుకెళ్లండి, రేపటిదాకా ఆగొద్దు. బాలింతల తలనొప్పి వేరే లెక్క. ముందు బీపీ చూడాలి, కాన్పయ్యాక కూడా బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చు. వెన్నులో మత్తు సూది ఇచ్చి ఉంటే కూర్చున్నప్పుడు పెరిగి పడుకుంటే తగ్గే నొప్పి వస్తుంది, అది చెప్పండి. మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టడం కూడా కాన్పయిన తొలి వారాల్లో రావచ్చు. మామూలు సీటీలో అది కనబడకపోవచ్చు, సిరల కోసం విడిగా తీసే స్కానింగు ఉంటుంది. బాలింతకి నీళ్లు తక్కువ ఇవ్వడం మన ఇళ్లలో ఇంకా ఉంది, గడ్డకట్టడానికి అది తోడవుతుంది. మీ ఇంట్లో అలా చేస్తుంటే వెంటనే మానిపించండి.

మెడికల్ షాపు · మంగళవారం, ఉదయం 10:20

దగ్గు గురించి ఎవరూ రాయలేదు. నా షాపుకి రోజూ సిరప్ కోసం వచ్చేవాళ్లలో మూడు నాలుగు వారాలుగా దగ్గుతున్నవాళ్లు ఉంటారు. కొందరు నేరుగా ఛాతీ సీటీ తీయించుకుని వస్తున్నారు, కరోనా నుంచి అలవాటైపోయింది. డాక్టరు గారు దీనికేమన్నారు?

కాలువగట్టు · మంగళవారం, మధ్యాహ్నం 12:40

దగ్గు దగ్గర ఆయన మాట మారింది. నడుముకి ఆగమన్నారు, దగ్గుకి ఆగొద్దన్నారు. జలుబు తర్వాతి దగ్గు మూడు వారాల దాకా, ఒక్కోసారి ఎనిమిది వారాల దాకా కూడా ఉండొచ్చు. అయినా మన దగ్గర రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష చేయించుకోవాల్సిందే. దానికి సీటీ అక్కర్లేదు. గళ్ల పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. తెల్లవారి లేవగానే లోపల్నుంచి దగ్గి తీసిన గళ్ల ఇవ్వాలి, నోట్లో ఉమ్మి ఇస్తే పరీక్ష వృథా. గళ్లలో టీబీ క్రిమిని వెతికే ట్రూనాట్, సీబీనాట్ మిషన్లయితే ముఖ్యమైన టీబీ మందు పనిచేస్తుందో లేదో కూడా చెబుతాయట.

సీటీ ఎప్పుడంటే, ఎక్స్‌రేలో తేడా కనబడి అదేంటో తేలనప్పుడు, లేదా రక్తం పడుతుంటే, చాలాకాలం పొగతాగిన మనిషి ఎక్స్‌రే బాగున్నా దగ్గు తగ్గకుండా బరువు తగ్గిపోతుంటే.

మెడికల్ షాపు · మంగళవారం, మధ్యాహ్నం 1:30

నా వంతుగా ఒకటి. గళ్ల లేకుండా పొడిదగ్గు, గొంతులో గరగర, నెలల తరబడి ఉంటే బీపీ మాత్ర పేరు చూడండి. ఎనాలాప్రిల్, రామిప్రిల్ వాడేవాళ్లలో కొంతమందికి ఆ మాత్ర వల్లే దగ్గొస్తుంది. డాక్టరు మాత్ర మారిస్తే కొన్ని వారాల్లో పోతుంది. సొంతంగా మాత్రం ఆపకండి, బీపీ పెరుగుతుంది. సీటీ, ఎండోస్కోపీ అన్నీ అయ్యాక ఈ మాత్ర బయటపడ్డవాళ్లను చూశాను.

లీడ్స్ వాసి · మంగళవారం, సాయంత్రం 5:00

మూడో రోజే ఎంఆర్‌ఐకి పంపిన ఆర్‌ఎంపీ సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. పంపితే కమీషన్ వస్తుందని అందరికీ తెలుసు కదా? 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే అది నిషిద్ధం.

పాత ఫిల్మ్ · మంగళవారం, సాయంత్రం 6:35

ఆ నిబంధనలు రిజిస్టర్ అయిన డాక్టర్లకి. ఆర్‌ఎంపీ ఆ జాబితాలోనే లేడు, ఆయన్ని ఏ కౌన్సిల్ అడుగుతుంది? అలాగని అందరూ కమీషన్ కోసమే పంపుతారనీ అనలేను. మనిషిని పరీక్షించడం రాదు, తప్పు తన మీదికి వస్తుందని భయం, అందుకే పంపేసేవాళ్లూ ఉన్నారు. రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే లేచేది ఆయనే అన్నదీ నిజం. దీనికి నా దగ్గర జవాబు లేదు.

పద్మజ గారూ, ఎక్స్‌రే మీద మీరు చెప్పింది టీబీ దగ్గర ఒప్పుకుంటాను. డెబ్బై ఏళ్ల ముసలాయన వస్తే కూడా తీయొద్దంటారా? వయసే ఒక కారణం కాదా?

పద్మజ ఫిజియో · మంగళవారం, రాత్రి 9:45

అది తేలని విషయమే. 2015లో అమెరికాలో 65 దాటిన ఐదు వేల మందికి పైగా వెంటపడి చూశారు. నడుం నొప్పి మొదలవగానే స్కాన్ తీసినవాళ్లకీ తీయనివాళ్లకీ ఏడాది తర్వాత నొప్పిలో, పనిచేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా చాలామంది డాక్టర్లు యాభై దాటిన కొత్త నొప్పికి కాస్త ముందే చూద్దామంటారు, ఆ వయసులో క్యాన్సర్, ఎముక విరగడం ఎక్కువ కాబట్టి. వయసొక్కటే ఉండి ఇంకేమీ లేకపోతే నేను ఈఎస్‌ఆర్ చేయించి పదిహేను రోజులకి మళ్లీ రమ్మంటాను. మా ఆర్థో డాక్టరు గారు అదే మనిషికి ఎక్స్‌రే రాస్తారు. ఇద్దరం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటాం.

స్వాతి చినుకు · మంగళవారం, రాత్రి 10:10

చెల్లిని నిన్న రాత్రే తీసుకెళ్లాం. బీపీ 160 పైన ఉందని అడ్మిట్ చేసుకున్నారు. మందులు ఇస్తున్నారు, తలనొప్పి కొంచెం తగ్గింది. సిరల స్కాన్ అవసరమో కాదో రేపు చూసి చెబుతామన్నారు. పద్మజ గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు.

మెతుకుసీమ · బుధవారం, ఉదయం 7:30

అక్కా, ఇంకొక్కటి అడుగుత. మా అమ్మకు 63 ఏండ్లు. ఆస్తమాకు చాన ఏండ్ల సంది స్టెరాయిడ్ గోలీలు మింగుతది. మొన్న వాకిట్ల కూసుంటుంటే పీట మీదికెళ్లి జారి కింద కూలవడ్డది. చిన్న దెబ్బే. కాళ్లు మంచిగనే ఉన్నయి, మూత్రం మంచిగనే వస్తుంది. నడుం నడిమిట్ల నొప్పి, లేసి నిలవడితే ఎక్కువ, పండుకుంటే తక్కువ. పండుకుంటే తగ్గుతుంది గద, ఆరు వారాలు చూద్దామా?

పద్మజ ఫిజియో · బుధవారం, ఉదయం 8:05

చూడొద్దండీ. స్టెరాయిడ్లు ఏళ్ల తరబడి వాడితే ఎముక గుల్లబారుతుంది, పీట మీంచి జారినా పూస ముందువైపు నలిగిపోవచ్చు. నిలబడితే పెరిగి పడుకుంటే తగ్గడం దానికీ సరిపోతుంది. ఇక్కడ పాత ఫిల్మ్ గారి మాటే సరైనది, ముందు ఎక్స్‌రే. పక్క నుంచి తీసిన ఫిల్ము కూడా ఉండాలి, ముందు నుంచి తీసిందొక్కటే అయితే నలిగిన పూస తెలియకపోవచ్చు. పూస నలిగి కనబడినా అది ఇప్పటిదో పాతదో ఎక్స్‌రే చెప్పలేకపోతే, లేదా ఎక్స్‌రే బాగుండి నొప్పి తగ్గకపోతే, అప్పుడు ఎంఆర్‌ఐకి అర్థం ఉంది. తీసేదాకా అమ్మగారిని ముందుకి వంగనివ్వకండి, బిందెలు ఎత్తనివ్వకండి. స్టెరాయిడ్ మాత్ర మాత్రం సడన్‌గా ఆపొద్దు, అది వేరే ప్రమాదం. ఎముకల బలానికి మందులు మొదలుపెట్టాలా అని డాక్టరుని అడగండి.

మెతుకుసీమ · బుధవారం, ఉదయం 8:20

సరే అక్కా. ఆటో మాట్లాడిన, ఇప్పుడే తీస్కపోతున్న. పక్కకెళ్లి గూడ తీయాలని చీటీ మీద రాస్కున్న.